మిక్సీ మోటారు షాఫ్ట్‌కు బిగుసుకుపోయిన కప్లర్ ఊడదీయడం ఎలా?

"మిక్సీ బేస్ మీద ఉండే కప్లర్ పళ్లు అరిగిపోయాయి. కొత్తది తెచ్చాను కానీ పాతది ఊడి రావడం లేదు. ప్లయర్‌తో పట్టుకుని తిప్పితే లోపల మోటారు కూడా దాంతోపాటే తిరుగుతోంది. ఇంకాస్త గట్టిగా పట్టేసరికి పక్కన రబ్బరు చిరిగింది. అసలు ఎటు తిప్పాలో కూడా తెలియడం లేదు. మోటారు పాడవకుండా తీయడానికి దారి ఉందా?"

ఉంది. రబ్బరు చిరిగిందని టెన్షన్ పడకండి, ఎలాగూ పారేసే వస్తువే అది. కాపాడుకోవాల్సింది కింద ఉన్న షాఫ్ట్, దాని మర, దాన్ని పట్టుకుని ఉన్న బేరింగ్. ముందుగా ప్లగ్ సాకెట్లోంచి పూర్తిగా లాగేసి, తీగను మీ కంటికి కనబడేలా పక్కన పెట్టుకోండి. స్విచ్ ఆపితే సరిపోదు. షాఫ్ట్‌ను చేత్తో, పానాతో పట్టుకోబోతున్నారు. ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా స్విచ్ వేస్తే వేళ్లు పోతాయి.

కప్లర్ పైభాగాన్ని ఒకసారి వెలుతురులో చూడండి. నడిమధ్యలో స్క్రూ తల గానీ చిన్న నట్టు గానీ కనబడితే ముందు అది తీయాలి. పక్క గోడలో చిన్న రంధ్రం ఉండి, లోపల మరమేకు కనబడితే దాన్ని వదులు చేయాలి. ఈ రెండూ లేకుండా నడుమ షాఫ్ట్ కొస మాత్రమే కనబడుతుంటే, లేదా నున్నగా మూసుకుపోయి ఉంటే, మీది చాలా మిక్సీల్లో ఉండే మర కప్లర్. పైన నైలాను లేదా రబ్బరు ఒళ్లు, దాని కడుపులో మర చెక్కిన ఇత్తడి లేదా ఇనుప బిళ్ల, ఆ బిళ్ల షాఫ్ట్ మరకు బిగిసి ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనివే. కింద స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తాలని మాత్రం చూడకండి. మరతో ఉన్నది పైకి లాగితే రాదు. ఆ స్క్రూడ్రైవర్ ఆనిన చోట బాడీ ప్లాస్టిక్ పగులుతుంది.

ఎటు తిప్పాలి

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. నీళ్ల సీసా మూతైనా, మామూలు నట్టైనా ఎడమవైపు తిప్పి తీయడం మనకు అలవాటు. మిక్సీ కప్లర్‌కు ఆ అలవాటు పనికొస్తుందన్న నమ్మకం లేదు. చాలా మిక్సీల్లో ఎడమ మర ఉంటుంది, అది కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. కొన్నింటిలో మామూలు మరే ఉంటుంది. కంపెనీ పేరు చూసి చెప్పడం కన్నా, ఏ మిక్సీకైనా పనికొచ్చే ఒకే ఒక్క సూత్రం ఉంది: మోటారు ఏ వైపు తిరుగుతుందో, కప్లర్‌ను అదే వైపు తిప్పితే ఊడుతుంది.

ఇది మొదటిసారి వింటే తలకిందులుగా అనిపిస్తుంది. మోటారు తిరిగే వైపే ఊడేటట్టయితే నడిచేటప్పుడే ఊడిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ నడిచేటప్పుడు తిప్పేది షాఫ్ట్, అడ్డుపడేది జార్. షాఫ్ట్ ముందుకు పోతుంటే జార్‌లోని బరువు కప్లర్‌ను వెనక్కి పట్టి ఆపుతుంది. షాఫ్ట్ నుంచి చూస్తే కప్లర్ ఎప్పుడూ వెనక్కే తిరగాలని చూస్తోంది. ఆ వెనక్కి తిరిగే వైపే బిగుసుకునేలా మర చెక్కుతారు, లేకపోతే మొదటి రోజే కప్లర్ ఊడి జార్‌లో కూర్చుంటుంది. కాబట్టి మిక్సీ వేసిన ప్రతిసారీ అది ఇంకో వెంట్రుకవాసి బిగుస్తుంది. ఏళ్ల తరబడి అలా బిగిసిన దాన్ని మీరు ఒక్క సాయంత్రంలో విప్పాలనుకుంటున్నారు. అందుకే అంత మొండితనం. బిగుసుకున్న వైపుకు ఎదురు వైపు తిప్పాలి, అంటే మోటారు తిరిగే వైపు, షాఫ్ట్‌ను కదలకుండా పట్టుకుని.

మోటారు ఏ వైపు తిరుగుతుందో తెలుసుకోవడానికి మిక్సీ వేయనక్కర్లేదు. జార్ తీసుకుని పైనుంచి బ్లేడు చూడండి. పదును పెట్టిన అంచు ఏ వైపుకు ముందుకు ఉందో, జార్ బేస్ మీద కూర్చున్నప్పుడు మోటారు ఆ వైపే తిరుగుతుంది, ఎందుకంటే కోసే అంచు ముందుండాలి. రెండు బ్లేడ్లున్న జార్‌లో పదునున్న దాన్నే నమ్మండి, మొండి బ్లేడును కాదు. జార్‌ను మాత్రం తలకిందులు చేసి చూడొద్దు, దిశ తిరగబడి కనబడుతుంది. బ్లేడు అరిగిపోయి ఏమీ తెలియకపోతే, మిక్సీ జార్ లేకుండా తిరిగే రకమైతే కప్లర్ అంచు మీదే సుద్ద చుక్క పెట్టి, చేయి దూరంగా ఉంచి, ఒక్క క్షణం వేసి ఆపండి. వేగంలో ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఆగబోయే ముందు నెమ్మదించినప్పుడు చుక్క ఎటు పోతోందో తెలుస్తుంది. చూసిన వెంటనే మళ్లీ ప్లగ్ తీయండి.

తెలిసిన దిశను మార్కర్‌తో కప్లర్ నెత్తిన బాణంగా గీసేయండి. ఇది అతి జాగ్రత్త కాదు. కాసేపటికి మిక్సీని పక్కకు పడుకోబెట్టి, కింద నుంచి ఒకచేయి, పైనుంచి ఒకచేయి పెట్టినప్పుడు కుడి ఎడమలు గందరగోళమవుతాయి. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా తప్పు వైపు తిప్పి ఇంకా బిగిస్తారు. నేనూ బిగించాను.

షాఫ్ట్‌ను పట్టుకోవడం

మీకు షాఫ్ట్ కూడా తిరిగిపోతోందన్నారు కదా, అది నిజానికి మంచి వార్త. తప్పు వైపు తిప్పినా పెద్దగా బిగిసి ఉండదు. ఇప్పుడు కావలసిందల్లా కింద నుంచి షాఫ్ట్‌ను పట్టడమే.

మిక్సీని దుప్పటి మీద బోర్లించి అడుగున చూడండి. అడుగు ప్లేటు నడుమ ఒక రంధ్రం, దానికి ఎదురుగా లోపల షాఫ్ట్ కొస కనబడితే అక్కడ అడ్డంగా ఒక గాడి ఉంటుందేమో టార్చి వేసి వెతకండి. చాలా మోటార్లలో ఈ పని కోసమే ఆ గాడి కోస్తారు, దాంట్లో చదునైన మొన ఉన్న స్క్రూడ్రైవర్ పెట్టి ఆపవచ్చు. రంధ్రం లేకపోతే రబ్బరు కాళ్ల దగ్గరి స్క్రూలు తీసి అడుగు ప్లేటు విప్పాలి. లోపలి తీగలు లాగకుండా నెమ్మదిగా పక్కకు జరపండి. స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పంతా నిండాలి. సన్నది పెడితే గాడి అంచులు ముక్కలవుతాయి, తరువాత అక్కడ పట్టు దొరకదు. స్క్రూడ్రైవర్‌ను ఇంకొకరిని గట్టిగా పట్టుకోమనడం ఒక్కరే కుస్తీ పట్టడం కన్నా ఎంతో నయం.

గాడి లేకపోతే కప్లర్ కింద చూడండి. కొన్ని షాఫ్టులకు అక్కడ రెండు వైపులా చదును చేసి ఉంటుంది, సన్నని పానా పడుతుంది. అదీ లేకపోతే అడుగున బేరింగ్ దాటి బయటకు వచ్చిన ఉత్త షాఫ్ట్ ముక్క ఉంటే, దాని చుట్టూ అల్యూమినియం రేకో తోలు ముక్కో చుట్టి వైస్ గ్రిప్ ప్లయర్‌తో పట్టవచ్చు. ఉత్త ప్లయర్ పళ్లు షాఫ్ట్ మీద గీతలు పడేస్తాయి.

పట్టుకోకూడని వాటి గురించి నా సొంత బుద్ధి తక్కువ పని ఒకటి చెబుతాను. మొదట్లో ఒకసారి గాడి కనబడక, కింద చేతికి అందిన ప్లాస్టిక్ ఫ్యాన్‌ను గుడ్డతో పట్టి కప్లర్ తిప్పాను. కప్లర్ కదల్లేదు, ఫ్యాన్ రెక్క ఒకటి మాత్రం టక్కున విరిగింది. ఒక రెక్క లేని ఫ్యాన్ ఉన్న మోటారు ఊగుతూ, అరుస్తూ తిరుగుతుంది. ఫ్యాన్ వెతికి మార్చడానికి పట్టిన సమయం కప్లర్ కన్నా ఎక్కువ. అలాగే కార్బన్ బ్రష్‌లు ఆనే రాగి పట్టీల చుట్టు, అదే కమ్యూటేటర్, దాన్ని పట్టుకోవద్దు. షాఫ్ట్‌తో కలిసి తిరిగే తీగ చుట్ల భాగం, అదే ఆర్మేచర్, దానికీ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపాలనుకోవడం మరీ ప్రమాదం. అక్కడ వైండింగ్ తీగ మీది వార్నిష్ గీరుకుపోతే మోటారు కాలిపోయేది కొన్ని రోజుల తరువాత, అప్పుడు ఎందుకు కాలిందో మీకు గుర్తు కూడా ఉండదు.

గీత చూసి నడవండి

ఇప్పుడు తిప్పే ముందు ఒక చిన్న పని. సన్నని మార్కర్‌తో షాఫ్ట్ కొస మీద నుంచి మొదలుపెట్టి, లోహపు బిళ్ల మీదుగా, ప్లాస్టిక్ అంచు దాకా ఒకే తిన్నని గీత గీయండి. తిప్పిన ప్రతిసారీ ఆ గీతనే చూడండి. గీత మొత్తం కలిసి తిరిగితే షాఫ్ట్ జారింది, కింద పట్టు చాలలేదు. షాఫ్ట్‌కూ లోహపు బిళ్లకూ మధ్య గీత తెగితే మర కదిలింది, ఇక గెలిచినట్టే. బిళ్లకూ ప్లాస్టిక్‌కూ మధ్య తెగితే ప్లాస్టిక్ ఒళ్లు మాత్రమే తిరుగుతోంది, లోపలి బిళ్ల అలాగే ఉంది. ఆ మూడోదైతే ఎంత గట్టిగా తిప్పినా ప్రయోజనం లేదు, పని వేరే దారిలో సాగాలి. కప్లర్ నెత్తి మూసుకుపోయి గీత గీయడానికి షాఫ్ట్ కనబడకపోతే కప్లర్ మీద ఒక గీత, కింద గాడిలోని స్క్రూడ్రైవర్ పిడి మీద ఒకటి గీసి పోల్చుకోవచ్చు.

బలం కాదు, దెబ్బ

షాఫ్ట్‌ను పట్టాక, కప్లర్‌ను పైప్ రెంచ్ గానీ వైస్ గ్రిప్ గానీ పట్టి బాణం గీసిన వైపు తిప్పండి. మొదటిసారే వస్తే సంతోషం. రాకపోతే ఒకేలా నిలకడగా బలం పెంచుకుంటూ పోకండి. ఆ బలం మర మీద కన్నా ముందు ప్లాస్టిక్ మీద, స్క్రూడ్రైవర్ గాడి మీద పడుతుంది. తుప్పు పట్టిన మరకు కావలసింది చిన్న కుదుపు. రెంచ్ పిడి మీద చిన్న సుత్తితో, 200 గ్రాముల సుత్తి చాలు, టక్ టక్ అని కొట్టండి. పిడి తిరగాల్సిన వైపే దెబ్బ పడాలి. పది దెబ్బలు, గీత చూడండి. మళ్లీ పది.

కింద నుంచి షాఫ్ట్ పట్టుకోవడానికి ఏ దారీ దొరకని మిక్సీలకు కూడా ఇదే దిక్కు. బరువైన ఆర్మేచర్‌ను ఉన్న చోటి నుంచి కదిలించడానికి కొంచెం సమయం పడుతుంది. దెబ్బ వేగంగా పడితే ఆ క్షణం పాటు అది తనంతట తానే షాఫ్ట్‌ను ఆపుతుంది. కప్లర్ పంటి పక్కన గట్టి చెక్క ముక్క గానీ మొద్దు ఉలి గానీ ఆనించి, పక్కకు, అంటే తిరిగే దిశలో తట్టడం ఈ పనే. కొట్టే దెబ్బ ఎప్పుడూ పక్కకే పడాలి. నెత్తి మీద నిలువుగా కొడితే ఆ దెబ్బ నేరుగా బేరింగ్‌కు చేరుతుంది, బుష్ ఉన్న మోటార్లలో షాఫ్ట్ కిందికి జారుతుంది.

తుప్పు వదిలించడం

జార్ అడుగు కారిన మిక్సీల్లో నీళ్లు, ఉప్పు, తీపి పదార్థాల తడి కప్లర్ కిందకి చేరి ఎండుతుంటాయి. అక్కడ బిళ్ల ఇనుపదైతే బిళ్ల, షాఫ్ట్ రెండూ కలిసి ఒకటే ముద్దలా అవుతాయి. అలాంటప్పుడు ముందు నూనె, తరువాత దెబ్బ.

తుప్పు వదిలించే స్ప్రే మంచిదే, కానీ నేరుగా చిమ్మకండి. బేస్ నిటారుగా ఉండగా చిమ్మితే షాఫ్ట్ వెంట జారి పై బేరింగ్‌లోని గ్రీజును కడిగేస్తుంది, ఇంకా కిందికి పోతే కమ్యూటేటర్‌కు చేరుతుంది. మూతలోకి కొంచెం చిమ్మి, పుల్లతో ఒకటి రెండు చుక్కలు తీసుకోండి. కప్లర్ నడుమ షాఫ్ట్ కొస కనబడితే ఆ చుట్టూ వేసి వదిలేయండి. కనబడకపోతే మిక్సీని బోర్లించి, రెండు చెక్కల మీద ఆనించి కప్లర్ గాలిలో ఉండేలా చూడండి. అప్పుడు కప్లర్ కింది అంచు పైకి వస్తుంది. షాఫ్ట్ దాంట్లోకి దిగే చోట చుక్క వేస్తే నూనె మరలోకే దిగుతుంది, మోటారు వైపు పోదు. రాత్రంతా వదిలేయండి. కిరోసిన్ వాడటం కొందరికి అలవాటు, నేను వద్దంటాను. స్ప్రే వాడినా సరే, తరువాత మిక్సీ వేసే ముందు గాలికి పూర్తిగా ఆరాలి, కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి.

నూనెకూ లొంగకపోతే వేడి. గ్యాస్ మంట, లైటర్ లాంటివి దగ్గరకు రానీయొద్దు, సోల్డరింగ్ ఐరన్ చాలు. ముందు నూనె అంతా గుడ్డతో తుడిచేయండి. ఐరన్ మొనను లోహపు బిళ్లకు ఆనించి రెండు మూడు నిమిషాలు పెట్టండి, ప్లాస్టిక్‌కు తగలనివ్వకుండా. బిళ్ల ఇత్తడిదైతే ఈ కిటుకు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఇనుము కన్నా ఇత్తడి వేడికి ఎక్కువ సాగుతుంది, షాఫ్ట్ మీద పట్టు కొంచెం వదులుతుంది. ఎవరైనా ఇంతకుముందు మరకు జిగురు పెట్టి బిగించి ఉంటే దాన్ని కూడా వేడి మెత్తబరుస్తుంది. వేడి ఉండగానే తిప్పాలి, చల్లారితే మళ్లీ మొదటికే వస్తుంది.

రబ్బరు మొత్తం చిరిగిపోతే

మీది ఈ దశకు దగ్గర్లో ఉంది కాబట్టి ఈ మధ్య మా పిన్ని మిక్సీ విప్పిన తీరు పూర్తిగా చెబుతాను. ఆమె మిక్సీ కప్లర్ పళ్లు అరిగి జార్ తిరగడం మానేసింది. తెలిసినవాళ్ల అబ్బాయి పెద్ద ప్లయర్‌తో ప్రయత్నించి రబ్బరు పైభాగం చీల్చేసి వదిలేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి రబ్బరు సగం లేదు, నడుమ గుండ్రని ఇత్తడి బిళ్ల మెరుస్తోంది.

జార్ బ్లేడు చూస్తే మోటారు పైనుంచి కుడివైపు తిరుగుతుందని తేలింది. అంటే ఎడమ మర, కుడివైపు తిప్పాలి. అబ్బాయి అలవాటు కొద్దీ ఎడమవైపే తిప్పి ఉంటాడు. కింద షాఫ్ట్‌కు గాడి ఉంది. మిగిలిన రబ్బరును పట్టి తిప్పితే గీత బిళ్లకూ రబ్బరుకూ మధ్య తెగింది. రబ్బరు కథ అక్కడితో అయిపోయింది కాబట్టి మిగిలింది కూడా బ్లేడుతో కోసి తీసేశాను. కోసే ముందు బేస్ మీది సందులన్నిటినీ తడి గుడ్డతో, టేపుతో మూసేశాను. ఇది మాత్రం మరవొద్దు. తరువాత రాబోయేది లోహపు రజను. ఒక్క ఇనుప పొడి ముక్క వైండింగ్‌లోకి పోయినా షార్ట్ కావచ్చు, ఇత్తడి రజను అయస్కాంతానికి కూడా చిక్కదు.

గుండ్రటి బిళ్లకు ప్లయర్ పళ్లు జారాయి. ఆకురాయితో రెండు ఎదురెదురు వైపులా చదును చేశాను, పదిహేను నిమిషాలు పట్టింది. పానా సరిగ్గా కూర్చుంది. అప్పుడు నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేశాను. మరునాడు పొద్దున పానాతో కొంచెం బలం పెట్టి, సుత్తితో తట్టాను, కదల్లేదు. నూనె తుడిచి సోల్డరింగ్ ఐరన్ మూడు నిమిషాలు పెట్టాను. వేడిగా ఉండగానే తట్టాను, మూడో దెబ్బకు గీత పక్కకు జరిగింది, తరువాత గుడ్డతో పట్టి చేత్తో తిప్పితే వచ్చేసింది. ఏదో చిన్న కీచుమన్న శబ్దం వినిపించింది, అంతే. మర చుట్ల మధ్య పచ్చగా పేరుకున్న పొర కనబడింది, అదే ఇన్నాళ్లూ పట్టి ఉంచింది.

ఇత్తడికి బదులు ఇనుప బిళ్ల అయి, ఇంతచేసినా రాకపోతే చివరి మార్గం దాన్ని చీల్చడం. చిన్న హాక్సా బ్లేడుతో బిళ్ల ఒక పక్కన పైనుంచి కిందికి గాడి కోయాలి, షాఫ్ట్ మర తగలడానికి ఒక వెంట్రుకవాసి ముందే ఆపాలి. తరువాత ఆ గాడిలో చదునైన స్క్రూడ్రైవర్ పెట్టి మెలిపెడితే మిగిలిన పలుచని పొర పగిలి బిళ్ల విచ్చుకుంటుంది. ఇది చేయగలిగితే చేయండి, చేయి వణికితే వద్దు. షాఫ్ట్ మరలో గీత పడితే కొత్త కప్లర్ ఆ గీత దగ్గర ఆగిపోతుంది. అక్కడికి చేరేముందే మోటారుతో సహా రిపేరు చేసేవాళ్లకు ఇవ్వడం చౌక.

పుల్లీ అయితే

బెల్టు తిప్పే పుల్లీ ఉన్న యంత్రాలకు పైన చెప్పినవాటిలో సగం వర్తించవు. చాలావాటిలో పుల్లీని మర కాకుండా పక్కన ఉండే మరమేకే షాఫ్ట్‌కు పట్టి ఉంచుతుంది, కొన్నింటికి షాఫ్ట్ గాడిలో ఒక ఇనుప ముక్క కూడా ఉంటుంది. మరమేకు మొన షాఫ్ట్ మీద చిన్న గుంట చేసి ఉంటుంది, ఆ గుంట అంచు పైకి లేచి పుల్లీని పట్టేస్తుంది. మరమేకును వదులు చేసి ఊరుకోకుండా పూర్తిగా తీసేసి, కింద ఇంకొకటి దాగి ఉందేమో చూడండి. అప్పుడు రెండు కాళ్ల పుల్లర్‌తో సమంగా లాగాలి. ఒక పక్క స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే పుల్లీ ఓరగా బిగుసుకుని ఇంకా రాదు. మీ మిక్సీ కప్లర్‌కు మాత్రం పుల్లర్ వాడొద్దు, మరతో ఉన్నదాన్ని లాగితే మరే పోతుంది.

కొత్తది వేసేటప్పుడు

షాఫ్ట్ మరను పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేసి, పొడి గుడ్డతో తుడవండి. కింద పలుచని రబ్బరు బిళ్లో వాషరో ఉంటే అది బయటకు వచ్చిన వరుసలోనే మళ్లీ పెట్టండి. తడి బేరింగ్‌లోకి దిగకుండా ఆపేది అదే. కొత్త కప్లర్ మర చివరి దాకా వేళ్లతోనే దిగాలి. రెండు చుట్లు తిరిగి ఆగిపోతే బలవంతం చేయొద్దు. మరలో మట్టి ఉంది, లేదా మర రకమే వేరు. తెచ్చే ముందు పాతదాన్ని పక్కన పెట్టి మర దిశ, ఎత్తు రెండూ పోల్చి ఉంటే ఈ ఇబ్బంది రాదు. బిగించడానికి చేతి బలం చాలు, మిగతాది మోటారే బిగిస్తుంది. జిగురు పెట్టకండి. మర మీద కొంచెం గ్రీజు రాస్తే ఇంకో అయిదేళ్ల తరువాత విప్పేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

బేస్ విప్పి ఉంటే అడుగు ప్లేటు, స్క్రూలు అన్నీ బిగించాకే ప్లగ్ పెట్టండి. జార్ లేకుండా వేయగలిగితే ఒక అయిదు సెకన్లు వేసి చూడండి. కప్లర్ ఊగకుండా గుండ్రంగా తిరగాలి. గరగర శబ్దం వస్తే, లేదా చేత్తో షాఫ్ట్‌ను పక్కలకు కదిపితే లొడలొడలాడితే బేరింగ్ అరిగింది. అది కొత్త కప్లర్‌ను కూడా తినేస్తుంది. తరువాత జార్ పెట్టి చూడండి, అంచులు నాలుగువైపులా సమంగా కూర్చోవాలి. జార్ ఊగుతూ పైకి లేచినట్టుంటే కొత్త కప్లర్ ఎత్తు ఎక్కువ.

చివరగా జార్ అడుగున ఉండే కప్లర్‌ను కూడా ఒకసారి తిప్పి చూసుకోండి. దాని పళ్లు గుండ్రంగా అరిగి ఉంటే, బేస్ మీద మీరు ఇంత కష్టపడి వేసిన కొత్తదాన్ని అవి కొద్ది నెలల్లోనే మళ్లీ అరగదీస్తాయి. రెండూ కలిపి మార్చడమే లెక్క.